హలాల్, కోషర్ లేబుళ్ళు: ఏది ఎవరికి సరిపోతుంది, కొనే ముందు ఏం అడగాలి

నెల్లూరులో ఫంక్షన్లకు వంట ఒప్పుకునేవాళ్ళని ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "హలాల్ మటన్ వాడితే కోషర్ వాళ్ళు కూడా తింటారు కదా, రెండూ ఒకటే కదా?" అని. పిల్లలు అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న ఇళ్ళల్లో పెళ్ళికి అక్కడి స్నేహితులు వస్తున్నారు, వాళ్ళలో ఒకరిద్దరు యూదులు ఉంటున్నారు, అందుకని ఈ ప్రశ్న వస్తోంది. నేను క్యాటరింగ్ పనిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తాను. హలాల్ అంటే ముస్లింల మత నియమం ప్రకారం తినదగినది, కోషర్ అంటే యూదుల మత నియమం ప్రకారం తినదగినది. ముందే చెప్పేస్తున్నా, రెండూ ఒకటి కాదు. కోషర్ మాంసం ముస్లింలలో చాలామందికి సరిపోవచ్చు గానీ, హలాల్ మాంసం కోషర్ పాటించే యూదుడికి ఎప్పటికీ సరిపోదు. ఇంకో సంగతి, హలాల్ అని రాసి ఉన్నవన్నీ కూడా ఒకే రకం కాదు. మన ఊళ్ళో కొనేవాళ్ళకు అసలు తేడా పడేది అక్కడే, కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మన మటన్ కొట్లో జరిగేది చూడండి. పొట్టేలుని పడుకోబెట్టి, తల కాబా దిక్కుకి అంటే మనకి పడమర వైపుకి తిప్పి, కోసేవాడు "బిస్మిల్లా అల్లాహు అక్బర్" అని గొంతు ముందు భాగంలో కత్తి పెట్టి ఒక్క లాగులో కోస్తాడు. గాలి గొట్టం, ఆహార గొట్టం, మెడకి రెండు వైపులా ఉన్న పెద్ద రక్తనాళాలు, ఈ నాలుగు తెగాలి. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో నాలుగింటిలో కనీసం మూడు తెగితే చాలంటారు. వెన్నుపాము దాకా కత్తి దించకూడదు, తల వేరు చేయకూడదు. రక్తమంతా కారి, కదలిక పూర్తిగా ఆగిన తర్వాతే తోలు తీయాలి. కోసేటప్పటికి జీవం ఉండి తీరాలి, చచ్చిన జీవాన్ని కోసి దేవుడి పేరు చెప్పినా అది హరామే, అంటే తినకూడనిదే. కత్తి జీవం కళ్ళ ముందు నూరకూడదు, ఒకదాన్ని ఇంకోదాని ఎదురుగా కోయకూడదు అని కూడా ఉంది. ఈ చివరి రెండూ హడావుడిలో ఎక్కువగా తప్పే విషయాలు. ఆదివారం తెల్లవారుజామున రద్దీగా ఉన్న కొట్టు దగ్గర నిలబడితే మీకే కనిపిస్తుంది. ఒకదాని పక్కన ఇంకోటి కట్టేసి ఉంటుంది, అది చూస్తూనే ఉంటుంది. ఆ మాంసం హరాం అయిపోదు గానీ, పద్ధతి మాత్రం తప్పు. నేను పొట్టేళ్ళు తీసుకునే దగ్గర ఈ సంగతి అడుగుతాను, అడిగితే వాళ్ళు కూడా ఒక పరదా కడతారు, ఖర్చేం కాదు.

ఇక్కడ "సర్టిఫికెట్" అంటే కోసే మనిషే. కొట్టు మీద "హలాల్" అని రాసిన బోర్డు సర్టిఫికెట్ కాదు, అది కొట్టు యజమాని ఇచ్చే మాట. కోసేవాడు ఎవరో ఊరికి తెలుసు, కోస్తుంటే చూడొచ్చు, కాబట్టి ఆ మాట చాలు. కసుమూరు దర్గా దగ్గర కందూరు చేసేవాళ్ళు, హిందువులైనా ముస్లింలైనా, ఏ కాగితమూ అడగరు, మేకని కళ్ళ ముందే కోయించుకుని అక్కడే వండుకుంటారు. కాగితం అవసరం పడేది కోసేవాడికీ తినేవాడికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం వచ్చినప్పుడే.

ఆ దూరం మొదట కోడిలో వచ్చింది. వీధి చివర చికెన్ సెంటర్‌లో కోడిని చేత్తో పట్టుకుని గొంతు కోసి డ్రమ్ములో వేస్తారు. అక్కడ చూడాల్సింది రెండే. ప్రతి కోడికీ బిస్మిల్లా చెబుతున్నాడా, డ్రమ్ములో అది పూర్తిగా చల్లబడే దాకా ఆగుతున్నాడా. స్కిన్ కావాలన్న గిరాకీ వస్తే ఈకలు తీయడానికి వేడినీళ్ళలో ముంచాలి, తొందరలో ఇంకా కొట్టుకుంటున్న కోడిని ముంచేస్తే మతం సంగతి పక్కన పెట్టినా అది ఘోరం. రెండు మూడు నిమిషాలు ఆగమని చెప్పండి, మొహమాటం అక్కర్లేదు. కోసేవాడు పొరపాటున పేరు చెప్పడం మరిచిపోతే హనఫీల్లో చెల్లుతుంది, కావాలని వదిలేస్తే చెల్లదు. అందుకే చెవులు రిక్కించి వినాల్సినంత అనుమానం వద్దు గానీ, గంపెడు కోళ్ళకి కలిపి ఒకసారి చెప్పేసే అలవాటు ఉన్న చోట మాత్రం మాట్లాడాలి.

సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో ఉండే ప్యాకెట్ కోడి వేరే లోకం. పెద్ద ప్లాంటులో కోళ్ళని కాళ్ళతో గొలుసుకి తలకిందులుగా వేలాడదీస్తారు, గొలుసు కదులుతూ పోతుంది. చాలా ప్లాంట్లలో ముందు వాటి తలలు కరెంటు పారే నీళ్ళ తొట్టిలో మునుగుతాయి, అవి స్పృహ తప్పుతాయి, ఆ తర్వాత మెడ కోస్తారు. కొన్ని చోట్ల మనుషులు వరుసగా నిలబడి చేత్తో కోస్తారు, కొన్ని చోట్ల తిరిగే బ్లేడు కోస్తుంది, గంటకి వేల కోళ్ళు. ఇక్కడే హలాల్ లోపల అభిప్రాయభేదాలు మొదలవుతాయి.

మొదటిది కరెంటు గురించి. కరెంటు తక్కువగా ఉంటే కోడి స్పృహ మాత్రమే తప్పుతుంది, కోయకుండా వదిలేస్తే కొద్ది నిమిషాల్లో లేచి నిలబడుతుంది. ఎక్కువైతే గుండె ఆగిపోతుంది, అప్పుడు కత్తి తగిలేది చచ్చిన కోడికి. మలేసియా ప్రభుత్వ హలాల్ సంస్థ జాకిమ్ లాంటివి మొదటి రకాన్ని షరతులతో ఒప్పుకుంటాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు తొట్టి దాటిన కోళ్ళలో కొన్నిటిని కోయకముందే గొలుసు నుంచి తీసి కింద పెట్టి, లేస్తున్నాయా లేదా చూస్తారు. అదే అసలు పరీక్ష. ఇంకొందరు పండితులు అసలు కరెంటే వద్దంటారు, ఎందుకంటే తొట్టిలో ఒక్కో కోడి బరువు, తడి, కదలిక వేరు, అన్నిటికీ ఒకే కరెంటు సరిపోదు, కొన్ని తప్పకుండా చస్తాయి, ఏవి చచ్చాయో తర్వాత తెలియదు. నాకు ఈ రెండో వాదనే బలంగా అనిపిస్తుంది, కనీసం కోళ్ళ విషయంలో.

రెండోది బ్లేడు గురించి. మీట నొక్కేటప్పుడు ఒకసారి బిస్మిల్లా అంటే దాని కింద తెగిన వేల కోళ్ళకీ అది వర్తిస్తుందా? కొన్ని సంస్థలు బ్లేడు పక్కన ముస్లిం మనుషుల్ని నిలబెట్టి, బ్లేడుకి తప్పిన కోళ్ళని వాళ్ళ చేత కోయించి, అదే పనిగా పేరు చెప్పిస్తే ఒప్పుకుంటాయి. చాలామంది మత పండితులు ఒప్పుకోరు. టేపు రికార్డు పెట్టి వదిలేయడం మాత్రం పేరు చెప్పడం కిందకి రాదనే ఎక్కువమంది మాట.

ఈ తేడా లేబుల్ మీద కనిపించదు. రెండు ప్యాకెట్ల మీదా "హలాల్" అనే ఉంటుంది. కాబట్టి లేబుల్ ఉందా అని కాదు, ఎవరి లేబుల్ అని చూడాలి. బ్రిటన్‌లో చదువుకునే పిల్లలకి ఇది బాగా అర్థమవుతుంది. అక్కడ హెచ్‌ఎంసీ అనే సంస్థ స్పృహ తప్పించడాన్ని ఒప్పుకోదు, చేత్తోనే కోయాలంటుంది. హెచ్‌ఎఫ్‌ఏ అనే ఇంకో సంస్థ జీవం మళ్ళీ తేరుకునే విధంగా స్పృహ తప్పిస్తే ఒప్పుకుంటుంది. రెండూ హలాల్ సంస్థలే, రెండిటి నియమాలూ బయటికి చెప్పినవే. ఎవరి పద్ధతి మీ ఇంటి పద్ధతికి దగ్గరో వాళ్ళ గుర్తు ఉన్నదే కొనుక్కోవాలి.

మన దేశంలో స్వదేశీ అమ్మకాలకి హలాల్ ముద్ర వేసే ప్రభుత్వ సంస్థ అంటూ ఒక్కటి లేదు. జమియత్ ఉలమా-ఇ-హింద్ హలాల్ ట్రస్ట్, చెన్నై కేంద్రంగా ఉన్న హలాల్ ఇండియా లాంటి ప్రైవేటు సంస్థలు ఇస్తాయి. ప్లాంటు దరఖాస్తు పెట్టుకుంటుంది, ఏం తయారు చేస్తుందో, అందులో ఏం కలుపుతుందో రాసి ఇస్తుంది, మత పండితుడూ ఆహార సాంకేతిక నిపుణుడూ ఉన్న బృందం వచ్చి చూస్తుంది. కోసేవాళ్ళు ఎవరు, ఎంతమంది, ఒక షిఫ్టులో ఎన్ని కోయిస్తున్నారు, కత్తులు ఎక్కడ పదును పెడుతున్నారు, కరెంటు ఎంత పెట్టారు, చచ్చినవి వస్తే ఎక్కడ వేరు చేస్తున్నారు, చల్లటి గదిలో హలాల్ కానివి కలుస్తున్నాయా, ఇవీ అడిగేవి. అన్నీ బాగుంటే సాధారణంగా ఒక ఏడాదికి సర్టిఫికెట్ ఇస్తారు, తర్వాత రెన్యువల్. ఎగుమతికి మాత్రం 2023లో కేంద్రం వేరే దారి పెట్టింది. మాంసాన్ని హలాల్ అని చెప్పి పంపాలంటే క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వారి పథకం కింద, గుర్తింపు పొందిన సంస్థ సర్టిఫికెట్ ఇచ్చిన ప్లాంటులోనే తయారై ప్యాక్ అవ్వాలి. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఎగుమతులు మినహా హలాల్ సర్టిఫికెట్ ఉన్న సరుకుల అమ్మకాన్ని తమ రాష్ట్రంలో నిషేధించింది, ఆ నిషేధం ఆంధ్రకి వర్తించదు.

ప్యాకెట్ చేతిలోకి తీసుకుంటే నేను చూసేది ఇది. హలాల్ గుర్తు కింద సంస్థ పేరు ఉందా. ఉత్తి నెలవంక బొమ్మా ఆకుపచ్చ అక్షరాలూ ఉండి ఎవరిచ్చారో లేకపోతే, దాని విలువ బోర్డు విలువే, పైగా బోర్డు వెనక మనిషి కనిపిస్తాడు, ఇక్కడ కనిపించడు. పేరు ఉంటే కంపెనీకి ఫోన్ చేసి లేదా మెయిల్ పెట్టి సర్టిఫికెట్ కాపీ అడగండి, ఫంక్షన్‌కి పెద్ద ఆర్డరైతే పంపిణీదారుడే తెచ్చి ఇస్తాడు. అందులో ప్లాంటు చిరునామా, చెల్లుబాటు తేదీ ఉంటాయి. వాటిని ప్యాకెట్ మీది చిరునామాతో, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరుతో పోల్చండి. ఒకే బ్రాండుకి మూడు ఊళ్ళలో ప్లాంట్లుండి ఒక్కదానికే సర్టిఫికెట్ ఉండొచ్చు, సర్టిఫికెట్ వచ్చేది ప్లాంటుకి గానీ బ్రాండుకి కాదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు వేరు, హలాల్ గుర్తు వేరు, మొదటిది తినడానికి పనికొచ్చే సరుకని చెప్పే లైసెన్సు, రెండోది మత నియమం. హలాల్ కాబట్టి శుభ్రంగా ఉంటుందని అనుకోవద్దు, మంచి హలాల్ మాంసాన్ని కూడా ఎండలో వేలాడదీస్తే పాడైపోతుంది.

ఇప్పుడు కోషర్. బయటి నుంచి చూస్తే ఇదీ గొంతు కోసే పద్ధతే, కానీ దగ్గరికి వెళ్తే మొత్తం వేరే. కోసేవాణ్ణి షోహెట్ అంటారు. అతను ధర్మం పాటించే యూదుడై ఉండాలి, ఏళ్ళ తరబడి చదివి, గురువు అంటే రబ్బీ దగ్గర పరీక్షయి అనుమతి తీసుకుని ఉండాలి. హలాల్‌లో తెలివి ఉన్న ముస్లిం ఎవరైనా, పద్ధతి తెలిస్తే, కోయొచ్చు. కోషర్‌లో అలా కుదరదు.

కత్తికి మొన ఉండదు, చివర తిన్నగా కత్తిరించినట్టు ఉంటుంది, జీవం మెడ వెడల్పుకి సుమారు రెండింతలు పొడవు. కోసే ముందు షోహెట్ ఆ అంచు మీద గోరు నడిపి చూస్తాడు, వెంట్రుకంత గాటు తగిలినా ఆ కత్తి పనికిరాదు. కోసిన తర్వాత మళ్ళీ చూస్తాడు. అప్పుడు గాటు కనిపిస్తే, అంతకు ముందు చూసినప్పటి నుంచి ఆ కత్తితో కోసినవి కోషర్ కావు. కోతలో ఐదు తప్పులు జరగకూడదు. మధ్యలో ఆపకూడదు, కత్తిని అదమకూడదు, కత్తి చర్మం కిందో బొచ్చు కిందో కనబడకుండా దూరకూడదు, చెప్పిన చోటు దాటి కోయకూడదు, గొట్టాలు తెగకుండా చిరిగిపోకూడదు. కోతకి ముందు కరెంటు పెట్టడం, స్పృహ తప్పించడం ఏ కోషర్ సంస్థా ఒప్పుకోదు, ఇందులో హలాల్‌లో లాగా రెండు వర్గాలు లేవు. ప్రార్థన మాత్రం పని మొదట్లో ఒకసారి చెప్పి, ఆగకుండా కోసుకుంటూ పోతే చాలు, ప్రతి జీవానికీ అక్కర్లేదు. ముస్లింలలో కొందరు కోషర్ మాంసం వద్దనడానికి కారణం ఇదే.

కోయడం అయ్యాక కోషర్‌లో సగం పని మిగిలే ఉంటుంది. ఛాతీ తెరవగానే ఊపిరితిత్తులు బయటికి తీయకముందే చెయ్యి లోపల పెట్టి, అవి పక్కటెముకలకి ఎక్కడైనా అతుక్కున్నాయా అని తడుముతారు. తర్వాత బయటికి తీసి, అనుమానం వస్తే గాలి ఊది నీళ్ళు పెట్టి బుడగ వస్తుందా చూస్తారు, వస్తే చిల్లు ఉన్నట్టు, ఆ జీవం పోయినట్టే. ఊపిరితిత్తి అతుకులు లేకుండా నున్నగా ఉన్న మాంసానికి "గ్లాట్" అని రాస్తారు. పశువుల్లో చిన్న అతుకుల విషయంలో కొన్ని వర్గాలు సడలింపు ఇస్తాయి గానీ మేక, గొర్రె, దూడల్లో అంత సడలింపు లేదు. అంటే పద్ధతి ప్రకారం కోసినా, లోపల జబ్బు గుర్తు ఉంటే అది కోషర్ కాదు, మామూలు బజారుకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత కొన్ని రకాల కొవ్వు, తొడలో ఉండే పెద్ద నరం తీసేయాలి. వెనక భాగంలో ఆ పని ఎంత కష్టమంటే ఇజ్రాయెల్ బయట చాలా చోట్ల వెనక తొడలు మొత్తం కోషర్ కానివాళ్ళకి అమ్మేస్తారు. మనం ఏరి ఏరి అడిగే తొడ మాంసం అక్కడ కోషర్ కొట్లో అరుదు.

చివరిది ఉప్పు. మాంసాన్ని అరగంట నీళ్ళలో నానబెట్టి, అన్ని వైపులా గరుకు ఉప్పు, మన కల్లుప్పు లాంటిదే, పట్టించి, రక్తం కిందికి కారేటట్టు ఏటవాలు పలక మీద గంటసేపు పెట్టి, మూడుసార్లు కడుగుతారు. కార్జం లోపల రక్తం ఎక్కువ కాబట్టి దానికి ఉప్పు సరిపోదు, నిప్పుల మీద కాల్చాల్సిందే. కోడిని ఉప్పు పట్టించేదాకా వేడినీళ్ళలో ముంచకూడదు, అందుకే చన్నీళ్ళతో ఈకలు పీకుతారు, కోషర్ కోడి మీద చిన్న చిన్న ఈక మొదళ్ళు మిగిలి ఉంటాయి, అది చెడ్డ సరుకనుకోకండి. వండేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి, ఆ మాంసంలో ఉప్పు కొంత ఉంటుంది. కూరకి మామూలుగా వేసే ఉప్పులో సగం వేసి, ఉడికాక చూసి కలుపుకోండి.

సర్టిఫికెట్ పద్ధతిలో కూడా కోషర్ వేరు. రబ్బీ తరఫున ఒక పర్యవేక్షకుడు మాంసం పనిలో నిలబడే ఉంటాడు. అతని కన్ను దాటి బయటికి వెళ్ళే మాంసానికి రెండు సీళ్ళు ఉండాలి, కోడి అయితే రెక్కకి బిళ్ళ తగిలిస్తారు, ప్యాకెట్‌కి ఇంకో సీలు. సీలు తెగిన మాంసం, ఎంత నమ్మకస్తుడు తెచ్చినా, కోషర్‌గా లెక్కలోకి రాదు. గుర్తుల్లో అందరికీ తెలిసింది గుండ్రంలో యూ అక్షరం, అది అమెరికాలోని ఆర్థడాక్స్ యూనియన్ ది. ఉత్తి కే అక్షరం ఒక్కటే ఉంటే నమ్మలేం, అక్షరం ఒక్కదాన్ని ఎవరూ ట్రేడ్‌మార్క్ చేసుకోలేరు కాబట్టి ఎవరైనా వేసుకోవచ్చు. యూ పక్కన డి ఉంటే పాలు కలిసినవి, పారెవ్ అని ఉంటే పాలూ మాంసమూ రెండూ లేనివి. మన దగ్గర టీ పొడి, మసాలా, బిస్కెట్ ప్యాకెట్ల మీద కనిపించే కోషర్ గుర్తు ఆ సరుకు గురించే, కోతకి దానితో సంబంధం లేదు.

మన నెల్లూరు, ఒంగోలు వైపు కొట్లలో కోషర్ మాంసం దొరకదు. పక్కనే గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయిమ్ అనే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయని చాలామందికి తెలియదు, తెలిస్తే సంతోషం, కానీ దానివల్ల మనకి బజారులో కోషర్ మటన్ వచ్చేయదు.

ఇక ఫంక్షన్ లెక్క ఒకటి వేసి చూపిస్తాను. రిసెప్షన్‌కి 150 మంది అనుకోండి. అందులో ఓ 20 మంది ముస్లింలు, పెళ్ళికొడుకు స్నేహితుడు ఒకడు కోషర్ పాటించే యూదుడు. మటన్ బిరియానీకి తోడు చికెన్ వేపుడు, చేపల పులుసు, రొయ్యల వేపుడు. 150 మందికి బిరియానీలోకి 20 కిలోల మటన్ పెడతాను. 25 కిలోల పైచిలుకు బరువున్న నెల్లూరు పొట్టేలు నుంచి ఎముకతో కలిపి సుమారు సగం మాంసం వస్తుంది, కాబట్టి రెండు పొట్టేళ్ళు. ముస్లిం అతిథుల కోసం విడిగా ఒక డేక్సా పెడదామని కొందరు అంటారు, అది వద్దు. గరిటెలు మారిపోతాయి, వడ్డించే పిల్లలకి ఏది ఏదో తెలియదు, చివరికి ఎవరికీ నమ్మకం ఉండదు. పెళ్ళివారికి అభ్యంతరం లేకపోతే మటన్, చికెన్ అంతా హలాల్ తీసుకుని ఒకే వంట చేయడం మేలు. రెండు పొట్టేళ్ళూ తెలిసిన కొట్లో ముందురాత్రి ఇచ్చి, తెల్లవారి కోయించి, నేరుగా వంట దగ్గరికి తెస్తాను. చికెన్ కూడా చేత్తో కోసే సెంటర్‌లోనే, ప్యాకెట్ కాదు. రొయ్యల దగ్గర మాత్రం ముస్లిం అతిథులకి ముందే చెప్పి ఉంచుతాను, ఎందుకంటే హనఫీల్లో రొయ్య చేప కిందకి వస్తుందా రాదా అని రెండు మాటలున్నాయి, కొందరు తింటారు, కొందరు ముట్టరు. పీత విషయంలో హనఫీలు వద్దనే అంటారు.

ఆ యూదు అబ్బాయికి ఏం పెట్టాలి? ఈ మెనూలో ఒక్కటీ పనికిరాదు. మటన్ హలాల్ అయినా షోహెట్ కోయలేదు, ఊపిరితిత్తి చూడలేదు, ఉప్పు పట్టించలేదు. ఒకవేళ విమానంలో సీలు వేసిన కోషర్ మటన్ తెప్పించినా మన బిరియానీ చేయలేం, మాంసాన్ని పెరుగులో నానబెడతాం కదా, పాలు, మాంసం కలపకూడదన్నది వాళ్ళ గట్టి నియమం, కోడికి కూడా అంతే. నెయ్యి వేసినా అంతే. రొయ్య, పీత, సొర ఏవీ కుదరవు, రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్న చేపే కోషర్. కొరమీనుకి పొలుసులు ఉన్నాయి కాబట్టి చేపగా అది సరే, కానీ మటన్ వండిన గిన్నెలో పులుసు పెడితే అదీ పోయింది. కొత్త గిన్నె తెచ్చినా, మనం వండిందని కొందరు తినరు. కాబట్టి అబ్బాయిని ముందే అడగడమే దారి. "మీరు ఏ మేరకు పాటిస్తారు, కోయని పండ్లు, కొబ్బరిబోండం, కోషర్ గుర్తున్న సీలు ప్యాకెట్లు పెడితే సరిపోతుందా?" అని పెళ్ళికొడుకుతో అడిగించండి. ఎక్కువమంది అదే చాలంటారు, పైగా అడిగినందుకు సంతోషిస్తారు. కొత్త డిస్పోజబుల్ ప్లేటు, మామిడిపండు, అరటిపండు, బోండం, అంతే. హలాల్ బిరియానీ పెట్టి "ఇది కూడా మీ పద్ధతే" అని చెప్పడం మాత్రం చేయకండి. తెలియక తింటే తర్వాత తెలిసినప్పుడు చాలా బాధపడతారు.

ఇదే ప్రశ్న తిరగేసి అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. కావలి నుంచి, కందుకూరు నుంచి అమెరికా వెళ్ళిన ముస్లిం పిల్లలు చిన్న ఊళ్ళో పడతారు, హలాల్ కొట్టు యాభై మైళ్ళ దూరంలో ఉంటుంది, సూపర్ మార్కెట్‌లో కోషర్ కోడి మాత్రం ఉంటుంది. తినొచ్చా? ఖురాన్ ఐదో సూరా మాయిదా ఐదో ఆయతులో గ్రంథం ఇవ్వబడినవారి ఆహారం మీకు ధర్మసమ్మతమని ఉంది, దాన్ని బట్టి చాలామంది పండితులు కోషర్ మాంసాన్ని ఒప్పుకుంటారు. చేత్తో కోత, కరెంటు లేదు, జీవం బతికి ఉంది, రక్తం పోయింది, దేవుడి పేరుతో మొదలైంది. ప్రతి జీవానికీ పేరు చెప్పి తీరాలనేవాళ్ళు మాత్రం ఒప్పుకోరు. ఇంటి పెద్దలు నమ్మే మౌలానాని ఒకసారి అడిగి తేల్చుకుంటే పిల్లలకి ఆ టెన్షన్ ఉండదు. నా మాట అడిగితే, ఎవరిచ్చారో తెలియని హలాల్ స్టిక్కరున్న బ్లేడు కోడి కంటే సీలున్న కోషర్ కోడి కోత విషయంలో ఎక్కువ నమ్మకమైనది. అయితే ఇది పచ్చి మాంసానికే. వండి అమ్మే కోషర్ కూరల్లో వైన్ ఉండొచ్చు, వైన్ కోషర్ కావడానికి అడ్డేం లేదు, కాబట్టి వండినవి కొంటే వెనక రాసిన పదార్థాలన్నీ చదవాలి.

హింస తక్కువగా ఉండాలని లేబుల్ చూసేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి ఈ రెండు లేబుళ్ళూ నేరుగా జవాబు చెప్పవు. స్పృహ తప్పించకుండా కోస్తే నొప్పి ఎక్కువని పశువైద్యుల్లో చాలామంది అంటారు, డెన్మార్క్ 2014లో దాన్ని నిషేధించింది కూడా. పదునైన కత్తితో సరిగా కోస్తే త్వరగా స్పృహ పోతుందని మత పెద్దలు అంటారు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 28వ సెక్షన్ మతాచారం ప్రకారం చంపడాన్ని నేరంగా చూడదు. మీకు అదే ముఖ్యమైతే జీవాన్ని ఎలా తెచ్చారు, ఆటోలో ఎన్ని కుక్కారు, నీళ్ళు పెట్టారా, కత్తి పదునుగా ఉందా, ఇవి కొట్టు దగ్గర మీరే చూడగలిగేవి.

హలాల్ వద్దనుకునేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. సిక్కుల నియమావళి ముస్లిం పద్ధతిలో కోసిన మాంసాన్ని వద్దంటుంది, మన హిందూ ఇళ్ళల్లో కూడా జట్కా అంటే ఒక్క వేటుతో తల తెగినదే కావాలనేవాళ్ళు కొందరు ఉన్నారు, అమ్మవారికి మొక్కు తీర్చేటప్పుడు అదే పద్ధతి. నెల్లూరు, కావలి, ఒంగోలు బజార్లలో చాలా మటన్ కొట్లు హలాల్‌వే, బోర్డు లేకపోయినా సరే, ఎందుకంటే అది అందరికీ అమ్ముడుపోతుంది. కాబట్టి బోర్డు లేదు కదా అని జట్కా అనుకోవద్దు, నోరు తెరిచి అడగాలి. జట్కా కావాలంటే పొట్టేలుని మీరే కొని, కోసే మనిషితో ముందురోజే మాట్లాడుకుని పెట్టుకోండి. ఆదివారం పొద్దున కొట్టు దగ్గరికి వెళ్ళి అడిగితే కుదరదు, అప్పటికే కోత అంతా అయిపోయి ఉంటుంది.